37వ నెల జీతం ఎవరిస్తారు?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. నాకిచ్చిన టాపిక్ సస్టైనబిలిటీ సెక్షన్. గ్రాంటు కోసం మన స్వచ్ఛంద సంస్థలు రాసే ప్రపోజల్‌లో చివర్న ఉంటుంది కదా, గ్రాంటు అయిపోయాక ఈ పనులకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో రాయండి అని అడుగుతారు, ఆ భాగం. మనలో చాలామంది దాన్ని రేపు సబ్మిట్ చెయ్యాలి అనగా ముందురోజు రాత్రి రాస్తాం, అప్పటికి బడ్జెట్ అయిపోయి ఉంటుంది, నిద్రొస్తూ ఉంటుంది, పాత ప్రపోజల్ ఓపెన్ చేసి ఆ నాలుగు లైన్లు కాపీ చేసేస్తాం. నేను చేశాను కాబట్టే చెప్తున్నా.

ఆ నాలుగు లైన్లు ఏంటో మీకూ తెలుసు. "ప్రాజెక్టు ముగిసిన తర్వాత స్థానిక సంఘం కార్యక్రమాలను కొనసాగిస్తుంది, ప్రభుత్వ పథకాలతో అనుసంధానం చేస్తాం, కంపెనీల సీఎస్ఆర్ నిధులు సమీకరిస్తాం." కొన్నేళ్ళు ప్రపోజల్స్ చదివే కమిటీల్లో కూర్చున్నాను, ఈ మూడు ముక్కలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివేవాడికి అక్కడ ఒకటే అర్థమవుతుంది, వీళ్ళు ఇంకా లెక్క వెయ్యలేదు అని. ఎందుకంటే అందులో ఎంత కావాలి అన్న అంకె లేదు, ఎవరిస్తారు అన్న పేరు లేదు, ఏ నెల నుంచి అన్న తేదీ లేదు.

అందుకని ఇవాళ నేను సిద్ధాంతం ఏం చెప్పను. ఒక్క కేసు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క వేద్దాం, పెన్నూ కాగితం ఉంటే తీసుకోండి. మన విశాఖ తీరంలో మత్స్యకార మహిళలతో ఎండుచేపల యూనిట్. ఊరి పేరు అక్కర్లేదు, అంకెలు కూడా లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రంగా వేసుకుందాం, మీరు మీ ఊళ్ళో రేట్లు పెట్టుకోండి. నేను పని చేసిన యూనిట్ కూడా ఇంచుమించు ఇలాంటిదే.

యూనిట్ ఏంటంటే 20 మంది ఆడవాళ్ళు, 6 సోలార్ టెంట్ డ్రయ్యర్లు. సోలార్ డ్రయ్యర్ అంటే పెద్ద మెషీన్ ఏం కాదు, ఇనుప ఫ్రేమ్ మీద యూవీ తట్టుకునే పాలిథిన్ షీటు కప్పిన గుడారం, లోపల జాలీ ట్రేలు, గాలి తిరగడానికి చిన్న ఫ్యాన్లు. ఇసకలో ఎండబెడితే ఇసక అంటుతుంది, ఈగలు వాల్తాయి, సాయంత్రం చినుకు పడితే సరుకంతా పోతుంది, అందుకని ఇది. 3 ఏళ్ళ గ్రాంటు, అంటే 36 నెలలు. మేనేజర్ జీతం, షెడ్డు అద్దె, కరెంటు, మొదటి ఏడాది చేపలు కొనే డబ్బు కూడా గ్రాంటే ఇస్తుంది. 36 నెలలు ఏ ఇబ్బందీ ఉండదు. మనం మాట్లాడాల్సింది 37వ నెల గురించి.

ముందు ఒక పని చెయ్యాలి, ఇది చాలామంది చెయ్యరు. బడ్జెట్ షీటు ముందేసుకుని ప్రతి లైను పక్కన రాసుకోవాలి, ఇది గ్రాంటుతో ఆగిపోవచ్చా, లేక 37వ నెలలో కూడా ఉండాలా అని. బేస్‌లైన్ సర్వే ఆగిపోవచ్చు. ట్రైనింగు ఆగిపోవచ్చు, నేర్చుకోవాల్సింది మూడేళ్ళలో నేర్చేసుకుంటారు. ప్రాజెక్టు కోఆర్డినేటర్, రిపోర్టులు, ఫండర్ విజిట్లకి పెట్టే ఖర్చు, ఇవన్నీ ఆగిపోతాయి. సస్టైనబిలిటీ అంటే గ్రాంటులో ఉన్నవన్నీ ఎప్పటికీ నడవాలని కాదండీ, ఏది ఆగినా ఫర్వాలేదో ధైర్యంగా రాస్తే చదివేవాడికి నమ్మకం పెరుగుతుంది. మనం భయపడి అన్నీ కొనసాగుతాయి అని రాస్తాం, అప్పుడు ఏదీ నమ్మబుద్ధి కాదు.

మరి ఆగకూడనివి? నెలకి మేనేజర్ 12,000, లెక్కలు రాసే అమ్మాయికి 3,000, షెడ్డు అద్దె 5,000, కరెంటూ నీళ్ళూ 3,000, ఫుడ్ లైసెన్సు, శాంపిల్ టెస్టింగ్, చిల్లర ఖర్చులు 2,000. మొత్తం నెలకి 25,000, ఏడాదికి 3 లక్షలు. చేపలు ఎండినా ఎండకపోయినా ఇది పడే ఖర్చు.

ఇప్పుడు ఆదాయం. ఇక్కడ అందరూ చేసే తప్పు ఏంటంటే 365 రోజులూ డ్రయ్యర్లు నిండుగా నడుస్తాయన్నట్టు వేస్తారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం, మరబోట్లు, మోటారు బోట్లు కదలవు. తెప్ప మీద తెడ్డేసుకుని వెళ్ళేవాళ్ళకి నిషేధం లేదు గానీ ఆ చేప ఊరికే చాలదు, ఇంక యూనిట్‌కేం వస్తుంది. ఎండ బాగా కాసే రోజులే అవి, డ్రయ్యర్లు ఖాళీ! ఆ తర్వాత వానలు, అక్టోబరు నవంబరుల్లో వాయుగుండాలు, హార్బర్లో హెచ్చరిక జెండా ఎగిరిందంటే బోటు వెళ్ళదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, ఆ తర్వాత ఎన్నాళ్ళు వేట లేదో ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తే ఉంటుంది. ఇవన్నీ తీసేస్తే ఏడాదికి 200 రోజులు వేసుకోవడం న్యాయం.

ఒక్కో డ్రయ్యర్లో 50 కిలోల పచ్చి చేప పడుతుంది, నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేప అనుకోండి. ఆరింటిలో 300 కిలోలు. ఎండడానికి 2 రోజులు. అంటే రోజుకి సగటున 150 కిలోలు, 200 రోజులకి 30,000 కిలోలు. పచ్చి చేప దాదాపు 4 కిలోలు ఎండితే 1 కిలో అవుతుంది. కాబట్టి నూటికి నూరు శాతం నడిచినా ఏడాదికి 7,500 కిలోల ఎండుచేపలు, అంతకంటే ఒక్క కిలో కూడా రాదు. ఈ అంకె చుట్టూ సున్నా చుట్టుకోండి. ఎన్నో ప్రపోజల్స్‌లో అమ్మకాల అంకె యూనిట్ కెపాసిటీని దాటిపోతుంది, రాసినవాళ్ళు చూసుకోరు, చదివేవాళ్ళు రెండు నిమిషాల్లో పట్టేస్తారు.

కిలో ఎండుచేపకి ఖర్చు చూద్దాం. 4 కిలోల పచ్చి చేప కిలో 70 లెక్కన 280. ఉప్పు, ప్యాకింగ్, ఆటో కలిపి 40. ఆడవాళ్ళకి కూలి కిలోకి 80. మొత్తం 400. హోల్‌సేల్ షాపు 440కి తీసుకుంటుంది. మిగులు కిలోకి 40 రూపాయలు. 7,500 కిలోలకి 3 లక్షలు. ఏడాది ఖర్చు కూడా 3 లక్షలే. సరిపోయింది కదా అని చాలామంది ఇక్కడ పెన్ను మూసేస్తారు, నేనూ అక్కడే మూసేశాను. మా మొదటి యూనిట్ ప్రపోజల్‌లో ఇంచుమించు ఇదే లెక్క ఉంది, కమిటీ కూడా ఒప్పుకుంది.

ఏం జరిగిందో చెప్తాను. గ్రాంటు అయ్యాక మొదటి కొన్ని నెలలు బాగానే నడిచింది, అందరం సంతోషించాం. తర్వాత నెమ్మదిగా సరుకు తగ్గుతూ వచ్చింది. అడిగితే "ఎండట్లేదు బాబూ, రెండ్రోజులకి ఎండేది మూడ్రోజులు పడతాంది" అన్నారు. వెళ్ళి చూస్తే షీట్లు పసుపు పచ్చగా, పాలలాగా మసకబారి ఉన్నాయి, రెండుచోట్ల చిరిగిన దగ్గర గోనెసంచి కట్టారు. సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి, ఆ ఎండకి పాలిథిన్ షీటు మూడేళ్ళకి మించి మన్నడం కష్టం. సరిగ్గా గ్రాంటు ఎంతకాలమో షీటూ అంతకాలమే! మార్చడానికి డబ్బులు లేవు. ఎందుకు లేవంటే ఎక్కడా పక్కన పెట్టలేదు, ప్రపోజల్‌లో ఆ లైనే లేదు.

దాని దెబ్బ ఎంతో చూడండి. రెండు రోజులు మూడు రోజులైతే రోజుకి 150 కిలోలు కాస్తా 100 అయిపోతుంది. ఏడాదికి 7,500 కిలోలు 5,000 అవుతుంది. 2,500 కిలోల మీద కిలోకి 40, అంటే లక్ష రూపాయల మిగులు పోయింది, కూలి రూపంలో ఆడవాళ్ళకి వచ్చే 2 లక్షలు కూడా పోయాయి. సరిగ్గా ఎండని చేపలో తేమ ఉండిపోతుంది, తేమ 15 శాతం దాటి ఉంటే బూజు పట్టడం మొదలు, షాపువాడు ఒకసారి వెనక్కి పంపితే రెండోసారి తీసుకోడు. మేం చేసిన తప్పుకి ఆ ఆడవాళ్ళు నష్టపోయారు, ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఒక్కో షీటు మార్చడానికి 20,000 అనుకుంటే ఆరింటికి లక్షా 20 వేలు, మూడేళ్ళకోసారి, అంటే ఏడాదికి 40,000 పక్కన పెట్టాలి. ఫ్యాన్లు, ట్రేలు, సీలింగ్ మెషీను, తుప్పుకి పెయింటు, వీటికి ఇంకో 20,000. ఏడాదికి 60,000 రిజర్వు. కాబట్టి అసలు ఖర్చు 3 లక్షలు కాదు, 3 లక్షల 60 వేలు. నూరు శాతం నడిచినా 60,000 లోటు అన్నమాట. పైగా నూరు శాతం ఏ యూనిట్టూ నడవదు, 80 శాతం నడిచిందనుకుంటే 6,000 కిలోలు, మిగులు 2 లక్షల 40 వేలు, లోటు లక్షా 20 వేలు.

ఇది చూసి భయపడకండి. ఈ లోటు కనిపించడమే ఈ సెక్షన్ రాయడానికి మొదలు. లోటు లక్షా 20 వేలు అని తెలిశాక "సీఎస్ఆర్ నిధులు సమీకరిస్తాం" అని రాయబుద్ధి కాదు, ఆ లక్షా 20 వేలు ఎలా పూడుతుందో ఆలోచించబుద్ధి అవుతుంది.

మేం రెండోసారి ఎలా పూడ్చామో చెప్తాను. ఒకటి, సరుకంతా హోల్‌సేల్‌కి ఇవ్వడం మానేశాం. నాలుగో వంతు, అంటే 6,000లో 1,500 కిలోలు, పావుకిలో ప్యాకెట్లుగా రైతుబజార్ల దగ్గర, అపార్టుమెంట్లలో నేరుగా అమ్మాం. కిలో 560 పడింది. ప్యాకెట్టు, లేబులు, తిరుగుడు, కూర్చుని అమ్మే మనిషి, ఇవన్నీ కలిపి కిలోకి 60 అదనపు ఖర్చు. హోల్‌సేల్ కంటే 120 ఎక్కువ వస్తే అందులో 60 ఖర్చు పోయి 60 మిగిలింది. 1,500 కిలోలకి 90,000. ఎందుకు నాలుగో వంతే, అంతా అలాగే అమ్మొచ్చుగా అని అడుగుతారు. కుదరదు. నేరుగా అమ్మడానికి మనిషి కావాలి, ఆ మనిషి రోజుకి అమ్మగలిగినంతే అమ్ముతుంది. ప్రపోజల్‌లో నాలుగో వంతు అని రాసి, గ్రాంటు మొదటి ఏడాదిలో మూడు నెలలు అమ్మి చూసి ఆ అంకె నిజమో కాదో రాసుకోవాలి.

రెండోది అద్దె. ఏడాదికి 60,000. ఊళ్ళో వాడకుండా పడున్న కమ్యూనిటీ షెడ్డు ఉంది, దాన్ని ఇమ్మని అడిగాం. ఇక్కడ ఒక మాట, "స్థలం పంచాయతీ ఇస్తుంది" అని రాయడం ఒకటి, సంతకం పెట్టిన కాగితం జత చెయ్యడం ఒకటి. నగరంలో అయితే జీవీఎంసీ నుంచి, ఊరైతే పంచాయతీ తీర్మానం కాపీ. అందులో ఎన్నేళ్ళు అన్నది ఉండాలి, గ్రాంటు అయ్యాక కనీసం 3 ఏళ్ళు ఉండేలా అడగండి. సర్పంచి మారితే నోటి మాట మారిపోతుంది. మాకు ఆ కాగితం రావడానికి 7 నెలలు పట్టింది, అందుకే చెప్తున్నా, మూడో ఏడాదిలో మొదలుపెడితే రాదు.

90,000, 60,000 కలిపితే లక్షా 50 వేలు. లోటు లక్షా 20 వేలు. 30,000 మిగిలింది. పెద్ద మిగులు కాదు గానీ, నిజమైన మిగులు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న, ఏడాది బాగోకపోతే? బోట్లు తక్కువ వెళ్ళాయి, 60 శాతమే నడిచింది అనుకోండి. 4,500 కిలోలు. కిలోకి 40 లెక్కన లక్షా 80 వేలు, అందులో నాలుగో వంతు నేరుగా అమ్మితే ఇంకో 67,500. మొత్తం 2,47,500. అద్దె పోయాక ఖర్చు రిజర్వుతో కలిపి 3 లక్షలు. లోటు 52,500. ఈ పేరా రాయడానికి అందరూ భయపడతారు, చెడ్డ ఏడాది గురించి రాస్తే గ్రాంటు రాదేమో అని. నా అనుభవంలో కమిటీ ఎక్కువసేపు చదివేది దీన్నే. చెడ్డ ఏడాదిలో ముందు ఏం తగ్గిస్తారో రాయండి. మేం అలాంటి ఏడాదిలో నిషేధం రెండు నెలలూ మేనేజర్ జీతం ఉండదని మొదటి రోజే ఆ అబ్బాయితో మాట్లాడి ఒప్పందంలో రాసుకున్నాం, 24,000 తగ్గింది. ఆ అబ్బాయి ఆ రెండు నెలలూ వేరే పని చూసుకుంటాడు. మిగతా 28,500 నిధి నుంచి తీస్తాం.

ఏ నిధి? ఇక్కడికొచ్చాం. ఒకరోజు మీటింగులో ప్రెసిడెంటమ్మ నన్ను అడిగింది. "బాబూ, ఇప్పుడు సేప కొండానికి డబ్బులు మీరిత్తన్నారు. మీరెల్లిపోయాక పొద్దున్నే హార్బర్లో పాటకాడ డబ్బులు ఎవులిత్తారు?" ఎంత పెద్ద ప్రశ్నో చూడండి. హార్బర్లో వేలంపాట దగ్గర చేప కొంటే డబ్బు అక్కడికక్కడే ఇవ్వాలి. షాపువాడు మనకి ఇచ్చేది నెల తర్వాత. 80 శాతం మీద నడిస్తే, నిషేధం రెండు నెలలూ తీసేసి చూస్తే నెలకి దాదాపు 600 కిలోలు, కిలోకి 400 పెట్టుబడి, అంటే ఎప్పుడూ 2 లక్షల 40 వేలు చేతిలో తిరుగుతూ ఉండాలి. లాభం వచ్చే యూనిట్ కూడా ఈ డబ్బు లేక ఆగిపోతుంది. ఆగదు కూడా, ఊళ్ళో వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్తారు, నూటికి మూడు, నాలుగు, కిలోకి వచ్చే ఆ 40 రూపాయలు అటు పోతాయి. లాభనష్టాల లెక్కలో ఇది కనిపించదు, అందుకే అందరూ మర్చిపోతారు.

దీనికి మేం చేసింది ఏంటంటే, గ్రాంటు నడిచేటప్పుడు నెలవారీ ఖర్చు గ్రాంటే పెట్టుకుంటోంది కదా, అప్పుడు అమ్మకాల మీద వచ్చిన మిగులు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకుండా వేరే అకౌంట్లో వేశాం. రెండో ఏడాది సగం కెపాసిటీ నడిస్తే 3,750 కిలోలు, లక్షా 50 వేలు. మూడో ఏడాది 70 శాతం నడిస్తే 5,250 కిలోలు, 2 లక్షల 10 వేలు. రెండూ కలిపి 3 లక్షల 60 వేలు. అందులో ఇంకో పని చేశాం, చివరి ఆరు నెలలు మేనేజర్ జీతంలో సగం యూనిట్టే కట్టింది, 36,000 పోయింది. కావాలనే అలా పెట్టాం. గ్రాంటు ఉండగానే యూనిట్ తన డబ్బుతో జీతం ఇవ్వడం అలవాటు కావాలి, ఇవ్వలేకపోతే ఆ సంగతి 31వ నెలలోనే తెలిసిపోవాలి, అప్పుడు సరిదిద్దడానికి ఇంకా టైమ్ ఉంటుంది. పోగా మిగిలింది 3 లక్షల 24 వేలు. 2 లక్షల 40 వేలు చేప కొనడానికి తిరిగే డబ్బు, 84,000 చెడ్డ ఏడాదికీ, మొదటి షీట్లకీ. ఆరు షీట్లూ ఒకేసారి మార్చలేం, నాలుగు మార్చొచ్చు, మిగతా రెండూ ఆ ఏడాది రిజర్వుతో.

అది చాలకపోతే బ్యాంకు లింకేజి. పొదుపు సంఘాలకి 10 లక్షల దాకా లోనుకి బ్యాంకు తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ రూలు ఉంది, నగరంలో మెప్మా ద్వారా, ఊళ్ళలో వెలుగు ద్వారా వెళ్తారు. కానీ లోను అని రాస్తే దాని వడ్డీ కూడా ఖర్చులో రాయాలి. 2 లక్షలకి 12 శాతం వేసుకుంటే ఏడాదికి 24,000. మన 30,000 మిగులులో మిగిలేది 6,000. లోను ఆదాయం కాదండీ, చాలా ప్రపోజల్స్‌లో ఆదాయం కాలమ్‌లో రాస్తున్నారు.

ఇంక ఆ మూడు ముక్కల గురించి కొంచెం చెప్తాను, ఎందుకంటే మన ఊళ్ళో పెద్ద పెద్ద కంపెనీలు ఉన్నాయి, పోర్టు ఉంది, సీఎస్ఆర్ అంటే అందరికీ ఆశ. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్‌కి పెట్టాల్సిన కంపెనీలు ఉన్నాయి, నిజమే. కానీ సీఎస్ఆర్‌లో ఎక్కువ ఏళ్ళు నడిచే ప్రాజెక్టుకి కూడా మొదలుపెట్టిన ఏడాది కాక మూడేళ్ళే గడువు. అంటే సీఎస్ఆర్ డబ్బు ఇంకో గ్రాంటు, ఒక గ్రాంటు అయిపోతే ఇంకో గ్రాంటు వస్తుందని రాస్తే 37వ నెల ప్రశ్న 73వ నెలకి జరిగింది, అంతే. సీఎస్ఆర్‌ని అడగాలంటే వస్తువుకి అడగండి, ఏడో డ్రయ్యర్‌కి, ఐస్ పెట్టెకి. ఆ వస్తువు ఎవరి పేరు మీద ఉండాలన్నది కూడా 2021 నుంచి రూల్స్‌లో ఉంది, రిజిస్టర్ అయిన సంస్థ పేరు మీదో, లబ్ధిదారుల సంఘాల పేరు మీదో, ప్రభుత్వ సంస్థ పేరు మీదో ఉండాలి, కంపెనీ పేరు మీద ఉండకూడదు.

ప్రభుత్వ పథకాలు కూడా అంతే. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్ళకి యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా సబ్సిడీ ఉంది, మంచి పథకం. అది యూనిట్ పెట్టుకోవడానికి. మేనేజర్ జీతానికి, కరెంటు బిల్లుకి కాదు. ఏ పథకం ఏ ఖర్చుకి అన్నది లైను పక్కన లైను రాస్తే చాలు, "అనుసంధానం" అనే మాటే అక్కర్లేదు.

మూడోది, సంఘం నడుపుతుంది అనడం. ఏ సంఘం? దానికి రిజిస్ట్రేషన్ ఉందా, సొంత బ్యాంకు అకౌంటు ఉందా, డ్రయ్యర్లు దాని పేరు మీద ఉన్నాయా? మన రాష్ట్రంలో 1995 నుంచి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, మాక్స్ అంటాం, దాని కింద ఆడవాళ్ళే రిజిస్టర్ చేసుకుని అమ్మకాలు వాళ్ళ పేరు మీద నడుపుకోవచ్చు. ఇది మొదటి ఏడాదిలోనే చెయ్యాలి. ఎందుకంటే అమ్మకాలు మీ సంస్థ పేరు మీద నడిస్తే, ఛారిటీ సంస్థలకి వ్యాపారపు రాబడి మీద ఇన్‌కమ్ ట్యాక్స్ షరతులు ఉంటాయి, అవి మీకెంతవరకు వర్తిస్తాయో మీ ఆడిటర్‌ని ముందే అడగాలి. విదేశీ గ్రాంటు అయితే ఇంకో సంగతి, 2020 ఎఫ్‌సీఆర్ఏ సవరణ తర్వాత ఆ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యడానికి వీల్లేదు. "గ్రాంటు చివర్న మిగిలిన నిధిని సంఘానికి అప్పగిస్తాం" అని రాసిన ప్రపోజల్ నా చేతికి వచ్చింది, విదేశీ డబ్బుతో. రాసినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాశారు, కానీ అది చెయ్యకూడని పని. అందుకే నేను చెప్పిన నిధి గ్రాంటు డబ్బులోంచి మిగిల్చింది కాదు, అమ్మకాల మీద వచ్చింది, మొదటి నుంచీ సంఘం అకౌంట్లో ఉన్నది.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆఁ చెప్పమ్మా.

(సభలోంచి: "సార్, మాది చేపల యూనిట్ కాదండి, పిల్లలకి సాయంత్రం ట్యూషన్ సెంటర్. మాకు అమ్ముకోడానికి ఏం లేదు కదా, మేమేం రాయాలి?")

మంచి ప్రశ్నమ్మా. అమ్ముకోవడానికి ఏం లేనప్పుడు ఆదాయం ఉన్నట్టు రాయకండి, పేద పిల్లల దగ్గర నెలకి 300 ఫీజు వసూలు చేస్తాం అని రాసేస్తారు, మూడో నెలకి సగం మంది కట్టరు, కట్టనివాళ్ళు సిగ్గుపడి రావడం మానేస్తారు, మీరు ఎవరి కోసం పెట్టారో వాళ్ళే పోతారు. మీ దగ్గర కూడా అదే పని, ఏది ఆగొచ్చు, ఏది ఆగకూడదు. పుస్తకాలు, బల్లలు ఒకసారి కొన్నవి. ఆగకూడనిది ఇద్దరు టీచర్ల జీతం, ఇద్దరికీ కలిపి నెలకి 14,000 అనుకోండి, ఏడాదికి లక్షా 68 వేలు. అది నెలకి 500 ఇచ్చే 28 మందితో సరిపోతుంది. మీ పేటలోంచి వెళ్ళి ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు 28 మంది ఉన్నారా? పేర్లు రాయండి. గ్రాంటు రెండో ఏడాదిలో అడగడం మొదలుపెట్టండి, ఎంతమంది వరసగా ఆరు నెలలు ఇచ్చారో చూడండి. 11 మందే ఇచ్చారనుకోండి, అది ఒక టీచర్ జీతానికి కూడా చాలదు, అప్పుడు ఒక్క టీచర్‌తో, వారానికి నాలుగు రోజులు నడుపుతాం అని రాయండి. చిన్నదిగా నడుస్తుంది అని రాయడం తప్పు కాదు.

ఇంకొకరు ఎవరో చెయ్యి ఎత్తారు, అటు, కిటికీ పక్కన.

(సభలోంచి: "గ్రాంటు నడిచేటప్పుడు అమ్మకాల మీద వచ్చిన మిగులు కూడా మాదే, వెనక్కివ్వండి అని ఫండర్ అంటే?")

అంటారు. కొంతమంది ఆ మిగులుని తర్వాతి ఇన్‌స్టాల్‌మెంట్‌లో తగ్గించి ఇస్తారు కూడా, మీ 3 లక్షల 60 వేలూ అలా కరిగిపోతుంది. అందుకని ఈ విషయం అగ్రిమెంటు సంతకం పెట్టకముందే అడగాలి. ప్రపోజల్‌లోనే ఒక వాక్యం పెట్టండి, నేను పెట్టేది చదువుతాను, కావాలంటే రాసుకోండి. "ప్రాజెక్టు కాలంలో అమ్మకాలపై వచ్చే మిగులు మహిళా సంఘం పేరున ప్రత్యేక ఖాతాలో ఉంటుంది, 36వ నెల వరకు అందులోంచి మేనేజర్ జీతంలో యూనిట్ వాటా తప్ప వేరే ఖర్చు చేయరు, 37వ నెల నుంచి చేపల కొనుగోలుకు, షీట్ల మార్పిడికి వాడతారు, ఖాతా స్టేట్‌మెంటు ప్రతి ఆరు నెలలకు మీకు పంపుతాం." దీనికి ఫండర్ ఒప్పుకుంటే అగ్రిమెంటులో ఎక్కించమనండి, మెయిల్లో సరే అన్నారు కదా అని వదిలెయ్యొద్దు, ఆ మెయిల్ రాసిన ఆఫీసరు మూడేళ్ళకి అక్కడ ఉండరు. ఒప్పుకోకపోతే అప్పుడే తెలుస్తుంది కాబట్టి చేప కొనే డబ్బుకి లోను లెక్క వేసుకుని, 24,000 వడ్డీతో సహా టేబుల్ మళ్ళీ రాసుకోవచ్చు.